అశ్వగంధ పాలు, చామంతి టీ, మూడు గంటల మెలకువ

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, మెహదీపట్నంలో ఉంటుంది. పొద్దున్నే థైరాక్సిన్ 75, బీపీకి నీళ్ల మాత్ర కలిసిన టెల్మిసార్టన్ వేసుకుంటుంది. నిద్ర పట్టడం లేదని గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పసుపు చామంతులు తెచ్చి, ఎండబెట్టి టీ కాచుకుంటోంది. తీపికి అందులో అర చెంచా అతిమధురం పొడి వేస్తుంది. పడుకునే ముందు గ్లాసు పాలల్లో చెంచా నిండా అశ్వగంధ చూర్ణం. మూడు నెలలైంది. మొదటి నెల బాగానే నిద్రపోయింది. ఇప్పుడు రాత్రి మూడింటికే లేచి కూర్చుంటోంది, గుండె దడగా ఉందంటోంది. చూర్ణం పెంచమంటారా, జటామాంసి లాంటిదేమైనా కలపమంటారా?

ఏదీ పెంచొద్దు, కొత్తది కలపొద్దు. అశ్వగంధ, అతిమధురం రెండూ ఈ రాత్రి నుంచే ఆపించండి. థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపించొద్దు, తగ్గించొద్దు. రెండు మూడు రోజుల్లో రక్త పరీక్ష చేయించి, రిపోర్టుతో పాటు చూర్ణం డబ్బా, అతిమధురం పొడి కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం లాంటివి ఉంటే పరీక్షల కోసం ఆగకుండా ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీరు రాసిన వివరాలు చూస్తే మీ అమ్మగారి నిద్ర ఇప్పుడు చెడుతున్నది మందు చాలక కాదు, ఆ మందు వల్లే అయ్యుండే అవకాశం ఎక్కువ.

అశ్వగంధకు థైరాయిడ్ హార్మోన్లను పెంచే గుణం ఉంది. 2018లో అచ్చయిన ఒక చిన్న పరీక్షలో, థైరాయిడ్ కొద్దిగా మందగించిన 50 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 600 మిల్లీగ్రాముల అశ్వగంధ వేరు సారం, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్రలు 8 వారాలు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లలో టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లు పెరిగాయి, అవి పెరిగితే పడిపోయే టీఎస్‌హెచ్ తగ్గింది. ఇది విని చాలామంది 'అయితే థైరాయిడ్‌కి మంచిదేగా' అంటారు. మాత్ర వేసుకోనివాళ్ల సంగతి వేరు. మీ అమ్మగారు బయటి నుంచి రోజూ 75 మైక్రోగ్రాముల హార్మోను కొలిచి తీసుకుంటున్నారు. ఆ కొలత రక్త పరీక్షలు చూసి, నెలల తరబడి సరిచేసి నిలబెట్టినది. దాని మీద కొలత తెలియని తోపుడు ఇంకొకటి పడితే హార్మోను మోతాదు మించుతుంది. మోతాదు మించితే కనిపించేవి ఏమిటి? దడ, చేతుల వణుకు, చెమట, విరేచనాలు ఎక్కువ కావడం, బరువు తగ్గడం, నిద్ర చెడటం. అంటే నిద్రకని తాగుతున్న పాలే ఆమెను మూడింటికి లేపుతుండొచ్చు.

మొదటి నెల బాగుండి మూడో నెల చెడటం కూడా దీనికి సరిపోతుంది. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి దాని మార్పులు నిదానంగా పోగవుతాయి. టీఎస్‌హెచ్ కొత్త స్థాయిలో కుదురుకోవడానికి ఆరు వారాలు కావాలి. చూర్ణం వల్ల కలిగే హాయి ముందు వచ్చింది, హార్మోను పోగు తర్వాత వచ్చింది. ఇంట్లోవాళ్లకు అది 'మందు అలవాటైపోయింది, పెంచాలి' అన్నట్టు కనిపిస్తుంది. పెంచితే ఉన్న దడ ఇంకా పెరగొచ్చు.

పరీక్షల్లో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, సోడియం పొటాషియం, ఎస్‌జీపీటీతో సహా లివర్ పరీక్ష, ఒక ఈసీజీ ఉండాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపమనండి. కొన్ని ల్యాబుల పద్ధతిలో బయోటిన్ ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా వస్తుంది. సరిగ్గా మనం అనుమానిస్తున్న బొమ్మే కనబడి అందర్నీ తప్పుదోవ పట్టిస్తుంది. రక్తం ఇచ్చే రోజు పొద్దున థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకుంటే ఫ్రీ టీ4 లెక్క నికరంగా ఉంటుంది.

ఇక అసలు చిక్కు రిపోర్టు వచ్చాక మొదలవుతుంది. టీఎస్‌హెచ్ పోయినసారి 2.4 ఉండి, ఇప్పుడు 0.15 వచ్చిందనుకోండి. అశ్వగంధ సంగతి చెప్పకపోతే డాక్టరు ఆ అంకె చూసి 75ను 50 చేస్తారు. అది వారి తప్పు కాదు. మీరు ఇటు చూర్ణమూ ఆపేస్తారు. ఆరు వారాలకు రెండు వైపుల నుంచీ హార్మోను పడిపోయి, ఈసారి ఒళ్లు బరువు, మలబద్ధకం, మబ్బుతో పాటు టీఎస్‌హెచ్ 9కో 10కో చేరుతుంది. మళ్లీ 75. ఇలా నాలుగైదు నెలలు ఊగుతుంది. అందుకే 'మూడు నెలలుగా రోజూ ఒక చెంచా అశ్వగంధ వాడింది, ఫలానా తేదీన ఆపాం' అని చీటీ మీద రాసి రిపోర్టుకు గుచ్చండి. ఫ్రీ టీ4 మరీ పెరగకపోతే, ఈసీజీ బాగుంటే, మాత్ర డోసు అలాగే ఉంచి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూద్దామని డాక్టరు అనొచ్చు. ఆ నిర్ణయం వారిది. దానికి కావలసిన సమాచారం మీరివ్వాలి. ఒకవేళ టీఎస్‌హెచ్ మామూలుగానే వస్తే నా అనుమానం తప్పినట్టే, అప్పుడు చూడాల్సింది పొటాషియం.

అదెందుకంటే, అతిమధురం. టీలో దీన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు, తీపి కోసం వేసిందేగా అంటారు. ఇందులోని గ్లైసిరైజిన్ అనే పదార్థం మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ ఎంజైము పని, కార్టిసాల్ అనే హార్మోను వెళ్లి ఉప్పు నిలిపే మీటను నొక్కకుండా చూడటం. అది ఆగిపోతే శరీరం ఉప్పును పట్టి ఉంచి పొటాషియాన్ని వదిలేస్తుంది. బీపీ పెరుగుతుంది, పాదాలు కాస్త ఉబ్బుతాయి, పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ తడబడుతుంది. మీ అమ్మగారి బీపీ మాత్రలో ఉన్న నీళ్ల మందు కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. రెండూ ఒకే వైపు లాగుతాయి.

మోతాదు లెక్క చూద్దాం. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ దాటకూడదన్నది ఐరోపాలో పెట్టుకున్న హద్దు, అదీ ఆరోగ్యవంతులకు. అర చెంచా అతిమధురం పొడి అంటే గ్రాము, గ్రామున్నర. వేరు రకాన్ని బట్టి అందులో 30 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నాలుగు రోజులు దగ్గుకు ఇది ఏమీ కాదు. బీపీ ఉండి, నీళ్ల మాత్ర వేసుకుంటూ, మూడు నెలలు రోజూ అంటే అంచు మీద నడవడమే. దుకాణాల్లో దొరికే 'నిద్ర టీ' సంచుల్లోనూ తీపికి ఇదే కలుపుతారు. ఒక సంచిలో ఉండేది కొద్దిగానే కాబట్టి రాత్రికి ఒకటి తాగితే భయం లేదు, అయినా బీపీ ఉన్నవాళ్లు అట్ట వెనక పదార్థాల వరుస చదివి అతిమధురం, ములేటీ, యష్టిమధు అన్న మూడు పేర్లలో ఏదున్నా పక్కన పెట్టడం మేలు. మూడూ ఒకటే.

ఇప్పుడు అశ్వగంధ నిద్రకు పనికొస్తుందా లేదా అన్న అసలు మాట. మన దగ్గర పెన్నేరు గడ్డ అంటారు. ఆయుర్వేదం దీన్ని ప్రధానంగా బల్యంగా, రసాయనంగా చెప్పింది. అంటే జబ్బుపడి చిక్కిపోయినవాళ్లకు, వాతం ముదిరినవాళ్లకు బలం పట్టించే మందు. పాలు, నెయ్యితో ఇవ్వడం అందుకే. ఆ మనిషి తేరుకుంటే నిద్ర దానంతటది కుదురుకుంటుందన్నది ఆ ఆలోచన. రాత్రికో కప్పు టీలో వేసుకుని కళ్లు మూసుకోవడం అన్నది ఈ మధ్య అట్టపెట్టెల మీద పుట్టిన వాడకం. ఇంకో ముచ్చట చెప్పాలి: నిద్ర లేనివాళ్లకు మంచిదని చరక సంహిత నేరుగా చెప్పిన పాలు గేదె పాలు. హైదరాబాదులో చాలా ఇళ్లలో వాడుకగా తాగేవి అవే. చూర్ణం పాలలో కలిపి తాగి 'అశ్వగంధ పనిచేసింది' అనేవాళ్లలో ఎందరికి గోరువెచ్చని పాలు, పడకకు ముందు పది నిమిషాల నెమ్మది పనిచేశాయో తేల్చడం కష్టం.

ఆధునిక పరీక్షల్లో దీనికి కొంత ఆధారం ఉంది, దాన్ని కాదనను. 2021లో ఐదు పరీక్షలను, మొత్తం 400 మందిని కలిపి చూసిన విశ్లేషణలో నిద్ర మీద చిన్నదే అయినా నిజమైన మేలు కనిపించింది. నిద్రలేమి ఉన్నవాళ్లలో, రోజుకు 600 మిల్లీగ్రాములు, అంతకు మించి వాడినవాళ్లలో, 8 వారాలు, అంతకు మించి వాడినవాళ్లలో అది మరింత బాగా కనిపించింది. ఇక్కడ ఆగి పైన థైరాయిడ్ పరీక్ష అంకెలు మళ్లీ చూడండి. అక్కడా 600 మిల్లీగ్రాములే, 8 వారాలే. నిద్రకు పనిచేసే మోతాదూ, థైరాయిడ్‌ను కదిపే మోతాదూ ఒకటే. 'తక్కువగా వాడితే నిద్రకు పనిచేస్తుంది, థైరాయిడ్‌ను తాకదు' అని చెప్పుకునే జాగా మనకు లేదు.

పైగా ఆ పరీక్షల్లో వాడింది సారం, చూర్ణం కాదు. అక్కడ వాడే సారాల్లో బాగా తెలిసిన ఒక రకంలో విథనోలైడ్లనే సారభూత పదార్థాలు 5 శాతం ఉంటాయి. మామూలు వేరు పొడిలో అవి సాధారణంగా అర శాతం లోపే. ఆయుర్వేద ఫార్మకోపియా చూర్ణానికి రోజుకు 3 నుంచి 6 గ్రాములు చెబుతుంది. మీ అమ్మగారి చెంచా నిండుగా ఉంటే సుమారు 3 గ్రాములు, అంటే శాస్త్రం చెప్పిన మోతాదులోనే ఉన్నారు. అందుకే అది ఉత్తి పొడి, దానికేం బలముంటుందని కొట్టిపారేయలేం. టీ సంచుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. సంచి మొత్తం బరువే గ్రామున్నర, రెండు గ్రాములు, అందులో అశ్వగంధ ఏ పదో ఇరవయ్యో శాతం, ఆపైన విథనోలైడ్లు నీళ్లలో సరిగా దిగవు. పాత పద్ధతిలో పాలు, నెయ్యి ఎందుకు వాడారో ఇక్కడ అర్థమవుతుంది. అశ్వగంధ టీ సంచి చాలామందికి మేలూ చేయదు, కీడూ చేయదు. డబ్బా చూర్ణం, బిళ్లల్లోని సారం రెండూ చేస్తాయి.

లివర్ పరీక్ష ఎందుకన్నారనుకోండి. అశ్వగంధతో కామెర్లు రావడం అరుదే, కానీ వచ్చినవి బాగా నమోదయ్యాయి. 2020లో ఐస్‌లాండ్, అమెరికాల నుంచి ఐదుగురివి, 2023లో మన దేశం నుంచే మరికొందరివి. ముందే లివర్ జబ్బు ఉన్నవాళ్లలో ప్రాణం మీదికి వచ్చినవీ వాటిలో ఉన్నాయి. సాధారణంగా మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో ఒళ్లంతా దురదతో మొదలవుతుంది, తర్వాత మూత్రం టీ డికాషను రంగులోకి మారుతుంది, తర్వాత కళ్లు పచ్చబడతాయి. దద్దురు లేకుండా ఒట్టి దురద వస్తే అలర్జీ బిళ్ల వేసి సరిపెట్టకండి. చాలామందికి ఆపేసిన కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. కొనే డబ్బా మీద 'వేరు' అని స్పష్టంగా ఉందో లేదో కూడా చూడాలి. ఆకులో వేరే రకం విథనోలైడ్లు ఎక్కువ, చవగ్గా దొరుకుతుంది కాబట్టి సారంలో కలిపేస్తారు. ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకు సూచించింది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు దీన్ని డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోకూడదన్నది నా మాట. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ ఇంకాస్త దిగొచ్చు. వీటిలో ఏదీ లేని నలభై ఏళ్ల మనిషి రెండు నెలలు వాడి చూస్తానంటే అభ్యంతరం పెట్టను.

చామంతి దగ్గరికొద్దాం, ఇక్కడ పొరపాటు మరో రకం. గుడిమల్కాపూర్ బుట్టల్లో ఉన్నది చామంతే, కానీ నిద్ర టీ పువ్వు అది కాదు. పరిశోధనల్లో వాడిన కామొమైల్‌కూ మన చామంతికీ కుటుంబం ఒకటే, మొక్కలు వేరు. ఆ పువ్వును బేగంబజారు మూలికల దుకాణాల్లో 'గులె బాబూనా' అని అడగాలి. యునానీలో దీన్ని తరతరాలుగా వాడుతున్నారు, అయితే ఎక్కువగా నొప్పులకు, వాపులకు. రోగన్ బాబూనా అంటే కీళ్లకు రాసే నూనె. యునానీ హకీములు నిద్రకు ఎక్కువగా రాసేది కాహు, అంటే లెట్యూస్ గింజల నూనె, గసగసాలు. రాత్రి కప్పు బాబూనా తాగి పడుకోవడం ఐరోపా ఇళ్ల అలవాటు, మనకు అట్టపెట్టెలతో వచ్చింది.

మన పసుపు చామంతులు పూజకు, దండలకు పండించేవి. పురుగు పట్టకుండా పువ్వు మీద కోతకు ముందురోజు మందు కొట్టినా అడిగేవాళ్లు లేరు, ఎందుకంటే ఎవరూ తినరనుకుంటారు. అవి ఎండబెట్టి మరిగిస్తే ఆ మందు కప్పులోకి దిగొచ్చు. ఆ టీ కూడా మానిపించండి.

అసలైన బాబూనా గుర్తుపట్టడం తేలిక. ఎండిన పువ్వు మధ్య పసుపు బొడిపె శనగగింజంత ఉంటుంది, చుట్టూ తెల్ల రేకులు కిందికి వాలి ఉంటాయి. ఒక బొడిపెను బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపల గుల్లగా, శంఖాకారపు ఖాళీ కనబడాలి. లోపల గట్టిగా నిండి ఉంటే అది వేరే పువ్వు. వేళ్ల మధ్య నలిపితే యాపిల్ పండు వాసన లాంటిది రావాలి. ఎండుగడ్డి వాసన వస్తే పాత సరుకు. పువ్వులకంటే కాడలు, పొడి ఎక్కువున్న పొట్లం కొనొద్దు.

దాని ఆధారం ఎంతంటే, నిజాయితీగా చెప్పాలంటే కొంచెమే. 2011లో అమెరికాలో దీర్ఘకాల నిద్రలేమి ఉన్న 34 మందికి 28 రోజులు కామొమైల్ బిళ్లలిచ్చి చూస్తే, ఉత్తుత్తి బిళ్లలతో పోలిస్తే నిద్ర గంటల్లోగానీ, నిద్ర పట్టే సమయంలోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇరాన్‌లో వృద్ధాశ్రమాల్లోని 60 మందిపై చేసిన పరీక్షలో నిద్ర నాణ్యత మెరుగుపడింది. నిజంగా టీ రూపంలో పరీక్షించింది తైవాన్‌లో, నిద్ర చాలని 80 మంది బాలింతలపై. రెండు వారాలు తాగినంతకాలం కొంత మేలు కనబడింది, నాలుగో వారం చూసేసరికి తాగనివాళ్లతో సమానమైపోయారు. ఇవన్నీ చిన్న పరీక్షలు. వీటిని బట్టి నేననుకునేది, కామొమైల్ నిద్రలేమి అనే జబ్బును నయం చేయదు, బెంగతో పడక చేరే మనిషిని కాస్త నెమ్మదింపజేయొచ్చు.

అలాగని హాని లేనిదీ కాదు. వయ్యారిభామ, అదే పార్థీనియం, ఇదే కుటుంబం. హైదరాబాదులో ఖాళీ స్థలాల నిండా ఉన్న ఆ కలుపు వల్ల ఒంటి మీద దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం వచ్చేవాళ్లు కామొమైల్ తాగకపోవడమే మంచిది. కొందరికి పెదాలు వాచి ఊపిరాడకపోయే దాకా వెళ్తుంది. గుండె కవాటం ఆపరేషనయ్యో, గుండె లయ తప్పో రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లయితే అసలే వద్దు. కెనడాలో 70 ఏళ్ల ఒకామె వార్ఫరిన్ మీద ఉంటూ గొంతు నొప్పికి రోజుకు నాలుగైదు కప్పులు తాగి, అదే పూత కాళ్లకు రాసుకుని, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ 7.9కి చేరి కడుపులో రక్తస్రావంతో ఆస్పత్రి పాలైంది. అది 2006లో వైద్య పత్రికలో అచ్చయిన కేసు. మీ అమ్మగారికి వార్ఫరిన్ లేదు కాబట్టి ఆ భయం లేదు, వయ్యారిభామ అలర్జీ ఉందేమో అడగండి.

జటామాంసి గురించి అడిగారు. పాత గ్రంథాల్లో మనసు కలతకు, నిద్రకు పేరున్న మందే. మనుషుల మీద నిద్రకు జరిగిన గట్టి పరీక్షలు చాలా తక్కువ. హిమాలయాల్లో తవ్వి తవ్వి అంతరించే దశకు తెచ్చిన మొక్క కూడా, అందుకే బజారులో కల్తీ సహజం. దీని దగ్గరి చుట్టం తగర జాతి, అంటే వలేరియన్. దాన్ని నిద్రలేమికి వాడొద్దనే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో సూచించింది, ఆధారం బలహీనమని. జాజికాయ చిటికెడు పాలలో పాత అలవాటు, చిటికెడు వరకు ఇబ్బంది లేదు. నిద్ర పట్టలేదని కాయంతా అరగదీసి తాగితే నోరెండిపోయి, దడ పుట్టి, లేనివి కనబడతాయి. ఒక కాయ బరువు ఐదారు గ్రాములు, ఐదు గ్రాములు విషమే. గసగసాల పాలలో మార్ఫిన్ ఒక్కో సరుకులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొలిచి వాడే మందు కాదది (గల్ఫ్ వెళ్లే పిల్లల సంచిలో 'మసాలాకు' అని పెట్టకండి, అక్కడ జైలు). అన్నిటికంటే భయపడాల్సింది సర్పగంధ. పేరు లేని 'నిద్ర చూర్ణాల్లో' ఇది కలుస్తుంది. ఇందులోని రిసెర్పిన్ బీపీని దించేస్తుంది, కొందరిని తీవ్ర నిరాశలోకి నెడుతుంది. ఉన్న బీపీ మాత్ర మీద ఇది పడితే మనిషి బాత్రూమ్‌లో పడిపోతుంది. పొట్లం మీద పదార్థాల పేర్లు లేకపోతే అది ఏదైనా కొనొద్దు.

ఇక రేపటి నుంచి ఏం చేయాలి. అన్నీ ఆపాక మొదటి వారం నిద్ర ఇంకాస్త చెడితే కంగారుపడకండి, హార్మోను దిగడానికి వారాలు పడుతుంది. ఈలోపు ఒక పుస్తకంలో రోజూ పొద్దున ఐదు అంకెలు రాయించండి: పడుకున్న వేళ, సుమారు నిద్రపట్టిన వేళ, మెలకువలు, చివరిగా లేచిన వేళ, మంచం దిగిన వేళ. రాత్రి గడియారం చూడక్కర్లేదు, పొద్దున అంచనా చాలు. దాని పక్కన నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లేవగానే, మంచం మీదే లెక్కపెట్టి రాయాలి. 96 ఉండేది వారాల్లో 80కి, 76కి దిగుతుంటే చూర్ణం ఆపడం పనిచేస్తోందని మీకు రిపోర్టు రాకముందే తెలుస్తుంది.

రెండు వారాల పుస్తకంలో సగటున ఐదున్నర గంటల నిద్ర తేలిందనుకోండి, ఆమె తొమ్మిదిన్నరకే పడుకుంటున్నారనుకోండి. అప్పుడు మూడింటికి మెలకువ రావడం లెక్క ప్రకారమే, ఉన్న నిద్ర అయిపోయింది. మంచం మీద ఉండే సమయాన్ని ఆరు గంటలకు కుదించాలి, రాత్రి పదకొండున్నర నుంచి ఐదున్నర. మంచం మీద గడిపిన సమయంలో 85 శాతానికి మించి నిద్రపోతుంటే పడుకునే వేళను వారానికో పావుగంట ముందుకు తేవాలి. నిద్రలేమికి ప్రపంచమంతా మొదటి వైద్యంగా చెప్పే పద్ధతిలో ఇది ముఖ్యమైన భాగం, ఏ టీకీ లేనంత ఆధారం దీనికుంది. దడ తగ్గాకే మొదలుపెట్టండి. మొదటి వారం పగలు మత్తుగా ఉంటుంది, స్కూటీ నడపనివ్వొద్దు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే ఇది కాదు, నిద్ర పరీక్ష చేయించాలి.

సాయంత్రం టీ సంగతి అడగడం మరవొద్దు. ఆరింటికి తాగిన ఇరానీ చాయ్‌లోని కెఫీన్ సగం, రాత్రి పదకొండుకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చివరి చాయ్ మధ్యాహ్నం రెండు లోపు.

ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్ గాడిన పడితే, అలర్జీ లేకపోతే, బాబూనా టీ తాగాలని ఉంటే తాగనివ్వండి. ఎండు పువ్వులు 2 గ్రాములు, అంటే వంటింటి తూకం లేకపోతే పెద్ద చెంచాతో వదులుగా రెండు. 150 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, పొయ్యి కట్టేశాక పువ్వులు వేసి, మూత పెట్టి పది నిమిషాలు. పువ్వులతో పాటు మరిగించకూడదు, మూత తీసి ఉంచకూడదు. ఆ వాసన ఇచ్చే నూనె ఆవిరితోనే పోతుంది. మూత లోపలి వైపు పట్టిన నీటిచుక్కల్ని కూడా కప్పులోకే విదిలించాలి. తీపి వద్దు, మరీ కావాలంటే అర చెంచా తేనె. పడకకు గంటన్నర ముందు తాగేయాలి, ఈ వయసులో పడుకునే ముందు తాగితే రెండింటికి బాత్రూమ్‌కి లేపుతుంది. రెండు వారాలు తాగి, రెండు వారాలు మాని, పుస్తకంలో అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. నిద్రపట్టే సమయంలో పదిహేను ఇరవై నిమిషాల తేడా కూడా కనబడకపోతే ఆ డబ్బులతో పాలు కొనుక్కోవచ్చు.